మా వదిన కూర్చునే మూల

మా వదిన, అంటే మా ఆయన అక్క, రోజంతా ఇతరుల మాటలు విని బతుకుతుంది. ఎక్కడో ఎవరో మీటింగు పెట్టుకుంటారు. ఎవరో ఎవరినో ఇంటర్వ్యూ చేస్తారు. ఓ లాయరు తన ఆఫీసులో కూర్చుని కేసు సంగతులు ఫోన్లోకి చెప్పుకుంటూ పోతాడు. ఆ రికార్డింగులన్నీ మా వదిన కంప్యూటర్లోకి వచ్చి పడతాయి. హెడ్‌ఫోన్ తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి పంపడం ఆమె పని. కుడికాలి కింద చిన్న పెడల్ ఉంటుంది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. చేతులు కీబోర్డు మీదే ఉంటాయి కాబట్టి మాటల్ని నడిపించేదీ ఆపేదీ కాలే. మా అమ్మాయి ఆమెను చిన్నప్పటి నుంచీ టకటకత్త అనే పిలుస్తుంది.

ఒకప్పుడు ఈ పనికి ఆఫీసుండేది. ఓ హాల్లో పాతిక మంది వరసగా కూర్చుని టైపు చేసేవాళ్ళు. మధ్యాహ్నం అందరూ హెడ్‌ఫోన్లు తీసి ఒక్కసారిగా మాట్లాడేవాళ్ళట. "పొద్దున్నించీ నోరు కట్టేసుకుని ఉంటాం కదా, గంట కొట్టగానే బడిపిల్లల్లా అయిపోయేవాళ్ళం" అని వదిన చెబుతుండేది. తర్వాత ఆ ఆఫీసు మూసేశారు. ఎవరి ఇంట్లో వాళ్ళు చేసుకోండి, నిమిషానికింత ఇస్తాం అన్నారు. మిగతావాళ్ళు తలో దారి చూసుకున్నారు. వదిన పెడల్ కొనుక్కుని ఇంటికొచ్చేసింది.

ఇల్లంటే రెండు గదులు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. ముందు గదిలో ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్యనున్న మూలలో భోజనాల బల్ల వేసుకుంది. ఆ బల్ల మీదే లాప్‌టాప్, దాని పక్కనే పచ్చడి సీసా, చార్జరు, మందుల డబ్బా. కూర్చోవడానికి ఓ చెక్క కుర్చీ, దాని మీద రెండు దిండ్లు. వదిన పొట్టి మనిషి. దిండ్లు లేకపోతే బల్ల గడ్డానికి తగులుతుంది, దిండ్లు వేస్తే కాళ్ళు నేలకు అందవు. లాప్‌టాప్ కిందికి ఉంటుంది కాబట్టి మెడ వంచి, వీపు గుండ్రంగా చేసి, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నదానిలా కూర్చుంటుంది.

నేనేమో ఫిజియోథెరపీ క్లినిక్కులో రిసెప్షనిస్టుని. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, ఫోన్లెత్తడం నా పని. అయినా ఇన్నేళ్ళుగా తలుపవతల మా డాక్టరమ్మ చెప్పేవన్నీ నా చెవిన పడుతూనే ఉంటాయి. నడుము ఎలా ఆనించాలి, తెర ఎంత ఎత్తులో ఉండాలి, అన్నీ వచ్చు నాకు. పైగా ముక్కు మీద కోపం. ఎవరైనా వంకరగా కూర్చుంటే పెళ్ళిళ్ళలో కూడా వెళ్ళి వీపు మీద తట్టి వస్తాను. మా ఆయన నా పక్కన కూర్చునేటప్పుడు సైనికుడిలా నిటారుగా ఉంటాడు. అది ప్రేమ కాదు, భయం.

అలాంటి నా కళ్ళ ముందే వదినకు జబ్బు వచ్చింది. కుడిచేతి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయంది. గ్లాసు జారిపోతోందంది. బలవంతాన మా క్లినిక్కుకి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ మెడ తిప్పించి, వేళ్ళు నొక్కి, స్కాను తీయించి చూసింది.

"తప్పు చేతిది కాదు, మెడది. అక్కడ నరం నలుగుతోంది" అంది. "వ్యాయామాలు చెప్తాను. కానీ వ్యాయామం పావుగంట, మీరు కూర్చునేది పది గంటలు. కూర్చునే పద్ధతి మారకపోతే వేళ్ళలో బలం పోతుంది. అప్పుడు టైపింగ్ పూర్తిగా ఆపేయాల్సొస్తుంది."

"ఆపేస్తే నేనేం చేయాలండీ?" అంది వదిన.

డాక్టరమ్మ వ్యాయామాల కాగితం ఆమె ముందుకు జరిపింది. ఆ చేతి మీదే ఆమె బతుకు నడుస్తోందని అందరికీ తెలుసు.

ఆ నెలలోనే వదిన పుట్టినరోజు వచ్చింది. నేను అందరికీ ఫోన్ చేసి ఒంటికాలి మీద లేచాను. చీరలూ స్వీటు డబ్బాలూ వద్దు, ఆమె మూలను బాగుచేయండి అన్నాను. మా ఆయన కుర్చీ కొంటానన్నాడు. మా మరిది పక్క ఊళ్ళో ఉంటాడు. బయటి చప్పుడు వినపడనివ్వని ఖరీదైన హెడ్‌ఫోన్ పంపాడు. మా అమ్మాయి ఓ టైమరు ఇచ్చింది. పాచిక లాంటి చిన్న డబ్బా అది, ఒక్కో వైపు ఒక్కో అంకె. ముప్ఫై పైకి వచ్చేలా తిప్పిపెడితే అరగంటకు మోగుతుంది, లేచి నడవాలి. ఐదు పైకి వచ్చేలా తిప్పితే ఐదు నిమిషాలకు మోగుతుంది, మళ్ళీ కూర్చోవాలి. నేను లాప్‌టాప్‌ని ఎత్తుగా నిలబెట్టే స్టాండూ, విడిగా కీబోర్డూ, కాళ్ళ కింద పెట్టుకునే పీటా కొన్నాను. స్టాండు మాత్రం కొనిచ్చి కీబోర్డు కొనివ్వకపోతే చేతులు గాల్లో పెట్టి టైపు చేయాలి. ఆ పొరపాటు చేసి మా క్లినిక్కుకి వచ్చినవాళ్ళని చాలామందినే చూశాను.

ఇంత తెలిసిన నేనూ ఒకటి మర్చిపోయాను. మా ఆయన కుర్చీని తను కూర్చుని చూసి కొన్నాడు. ఆయన ఆరడుగుల మనిషి. "మేఘం మీద కూర్చున్నట్టుంది" అని మురిసిపోయి ఆర్డరిచ్చాడు. అది వదినింటికి వచ్చాక చూస్తే, వీపు ఆనిస్తే సీటు అంచు పిక్కల్లోకి దిగుతోంది, అంచు దగ్గరికి జరిగితే వీపు ఆనదు. మోకాలి వెనక రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. ఈ కుర్చీలో వదిన మోకాళ్ళే కనపడటం లేదు. ఊయల్లో వేసిన పసిపిల్లలా ఉంది.

నేను తెచ్చిన పీట ఇంకా వింత. దాని మీద రెండు కాళ్ళూ పెడితే పెడల్ తొక్కే కాలు ఏది? పెడల్ నేల మీద పెడితే ఒక కాలు పైనా ఒక కాలు కిందా, నడుము పక్కకు ఒరిగిపోతుంది. పెడల్ని పీట మీద పెడితే, ఏటవాలుగా ఉందేమో, లాయరుగారి మాట సగంలో జారి కింద పడింది. వదిన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చివరికి ఒక వెడల్పు పలక చేయించి, దాని మీద జారని రబ్బరు పట్టా అంటించి, పెడల్నీ రెండో కాలినీ ఒకే ఎత్తులో పెట్టేలా చేశాం. అది కుదిరింది.

కుర్చీ మార్చాల్సి వచ్చింది. కంపెనీ వాళ్ళ పద్ధతి ఏమిటంటే, పది రోజుల్లోపు నచ్చలేదంటే వెనక్కి తీసుకుని ఇంకోటి పంపుతారు. ఒకతను వచ్చి పాతది విప్పి పట్టుకెళ్తాడు. నాలుగు రోజులకు కొత్తది తెచ్చి బిగిస్తాడు. సన్నగా, మెడలో కొలతల టేపు వేసుకుని తిరిగే మనిషి. మేమతన్ని బిగింపు అబ్బాయి అనేవాళ్ళం గానీ అతనికీ నలభై ఉంటాయి. రెండో కుర్చీ చిన్న సైజుది. బిగించాక వదిన ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టింది. "బాగుంది" అని రాసింది. మా ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు, మరిది రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు, మా అమ్మాయి గుండె బొమ్మ పెట్టింది. తర్వాత గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు.

వారం తిరిగేసరికి చేతులు ఆనించే చోట కిర్రుమంటోందని వదిన ఫోన్ చేసింది. మార్చారు. మూడోదానికి వీపు గట్టిగా ఉందంది. మార్చారు. ప్రతిసారీ మా ఆయన కంపెనీకి ఫోన్ చేయడం, వదినకు ఫోన్ చేయడం, నాతో విసుక్కోవడం.

"మా అక్క ఇంత నసమనిషి ఎప్పుడయింది?" అన్నాడు ఓ రోజు. "చెక్క కుర్చీ మీద ఏళ్ళ తరబడి కూర్చుంది. ఇప్పుడు సింహాసనం ఇచ్చినా సరిపోదంటుంది."

"చెక్క కుర్చీలో కూర్చునే చెయ్యి పాడు చేసుకుంది" అన్నాను. అన్నానే గానీ నాకూ ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే పాతది పోయి కొత్తది వచ్చేలోపు ఆమె మళ్ళీ ఆ రెండు దిండ్ల మీదే కూర్చుని పని చేస్తోంది. మా డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, వేళ్ళలో పట్టు మొదటిసారి కంటే తగ్గిందంది. "ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే నేను చెప్పేదేమీ ఉండదు. ఆపేయడమే" అంది. ఆ మాట వదిన ముందే అంది. వదిన తలూపి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "ఆటో దొరుకుతుందా ఈ టైములో?" అని అడిగింది.

నాలుగో కుర్చీ వచ్చిన ఐదో రోజు ఫోన్. సీటు ఒరిగిపోతోందట. కంపెనీ వాళ్ళు ఇదే ఆఖరు, ఈసారి వెనక్కిస్తే డబ్బు తిరిగిచ్చేస్తాం, వేరే ఎక్కడైనా కొనుక్కోండి అన్నారు. మా ఆయన సరే పట్టుకెళ్ళమన్నాడు. "డబ్బు అక్కకే ఇచ్చేస్తాను, తనకు నచ్చింది తనే కొనుక్కుంటుంది" అన్నాడు. ఆమె కొనుక్కోదని నాకు తెలుసు. క్లినిక్కుకి సెలవు పెట్టి, సాయంత్రం ఆ మనిషి వచ్చేలోపే వదినింటికి వెళ్ళాను.

తలుపు తీసి ఉంది. కుర్చీని అట్టపెట్టెలో పెట్టేసి, పెట్టెను గుమ్మం దగ్గరికి లాగి పెట్టింది. తను దిండ్ల మీద కూర్చుని టైపు చేస్తోంది. వీపు మళ్ళీ గుండ్రంగా. హెడ్‌ఫోన్ వల్ల నేనొచ్చిన చప్పుడు వినపడలేదు. బల్ల మీద ఆ టైమరు మోగింది. వదిన దాన్ని ఆపి, చెప్పిన మాట వినే పిల్లలా లేచి నిలబడింది. వంటింటి గుమ్మం దాకా నడిచింది. అక్కడ నిలబడి లోపలికి చూసింది. మళ్ళీ కిటికీ దాకా వచ్చింది. పలకరించడానికి ఏ దిక్కునా ఎవరూ లేని ఇంట్లో లేచి నడవమని ఆమెకు బహుమతిచ్చాం మేము.

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావు? కూర్చో, కూర్చో" అంటూ మొహమంతా విప్పారింది.

నేను కూర్చోలేదు. పెట్టె విప్పాను. కుర్చీని బయటికి తీసి, విప్పిన చక్రాల కాళ్ళను బిగించి నిలబెట్టాను. దాని మీద కూర్చుని కుడికీ ఎడమకూ ఊగి చూశాను. కదల్లేదు. వదినను చేయి పట్టి కూర్చోబెట్టాను. పాదాలు పలక మీద నిండుగా ఆనాయి. మోకాళ్ళ వెనక నా మూడు వేళ్ళు పట్టాయి. మోచేతులు సరిగ్గా బల్ల ఎత్తుకి వచ్చాయి. తెర పై అంచు కళ్ళకు ఎదురుగా ఉంది. మా డాక్టరమ్మ గోడ మీద అంటించుకున్న బొమ్మలో మనిషి ఎలా కూర్చుంటాడో అలా కూర్చుంది మా వదిన.

"ఇదెక్కడ ఒరిగింది వదినా?"

ఆమె కీబోర్డును కొంచెం పక్కకు జరిపి మళ్ళీ అక్కడే పెట్టింది.

"చెప్పండి. నేను సెలవు పెట్టుకుని వచ్చాను. ఇందులో ఏం బాలేదు?"

"బాగానే ఉంది" అంది.

"మరి ఆ వీపు గట్టిగా ఉన్నది?"

"అదీ బాగానే ఉంది."

"కిర్రుమన్నది?"

"కిర్రుమంది గానీ... కొంచెమే."

నాకు కోపం నషాళానికి అంటింది. "చెయ్యి పోతుందని డాక్టరు మొహం మీదే చెప్పింది కదా మీకు. ఈ వేళ్ళు పోతే మీకు ఎవరున్నారు?" అనేశాను. అన్నాక అనకూడని మాట అన్నానని తెలిసింది. వదినకు మాత్రం కోపం రాలేదు.

"అదే కదా నేను చెప్పేది" అంది నెమ్మదిగా. "బాగుందని పెట్టిన రోజు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. తమ్ముడు నెలకోసారి చేసేవాడు. కుర్చీ సరిపోలేదంటే రోజూ చేశాడు. తిట్టాడనుకో. అయినా రోజూ చేశాడు. చిన్నవాడు కూడా హెడ్‌ఫోన్ ఎలా ఉందక్కా అని అడిగాడు. కుర్చీ బిగించే అతను వస్తే అరగంట ఉంటాడు. వాళ్ళ పాపకు లెక్కలు రావట. మీకేమైనా తెలుసా మేడమ్ అని అడుగుతాడు."

నేను చెక్క కుర్చీ లాక్కుని ఆ దిండ్ల మీద కూర్చున్నాను.

"ఆ కస్టమర్ కేర్ వాళ్ళతో కూడా మాట్లాడతాను" అంది ఆమె, నవ్వబోయి. "ఈ కాల్ రికార్డు చేయబడుతోంది అంటారు కదా మొదట్లో. ఆ మాట విన్నప్పుడల్లా నాకేమనిపిస్తుందంటే, ఎక్కడో ఎవరో నాలాంటిది కూర్చుని నేను మాట్లాడింది మొత్తం వింటుంది. ఒక్క ముక్క వదలకుండా వింటుంది. దగ్గితే దగ్గిందని కూడా రాస్తుంది. అందుకని అన్నీ వివరంగా చెప్తాను."

నేను వాగుడుకాయనని మా అత్తవారింట్లో పేరు. ఆ రోజు మాత్రం ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇక నుంచి రోజూ నేను ఫోన్ చేస్తానని చెప్పాలనిపించింది. చెప్పలేదు. నా సంగతి నాకు తెలుసు. ఒక వారం చేస్తాను. తర్వాత క్లినిక్కూ ఇల్లూ అమ్మాయి పరీక్షలూ అంటూ మర్చిపోతాను. అందరమూ అంతే. ఒకరి బాధ తీరిందని తెలిస్తే ఊపిరి పీల్చుకుని మన పనిలో మనం పడిపోతాం. చెడ్డవాళ్ళమై కాదు, తీరిక లేక.

బిగింపు అబ్బాయి వచ్చాడు. విప్పి ఉన్న పెట్టెనూ, బయటున్న కుర్చీనీ చూసి తికమకపడ్డాడు.

"కుర్చీ ఇవ్వడం లేదు బాబూ, ఉంచుకుంటున్నాం" అన్నాను.

"అయ్యో, మంచిదే కదా మేడమ్" అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది. ఫోన్లో ఏదో నొక్కి, వదిన ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పమని అడిగి, పని ముగిసిందన్నాడు.

"కూర్చో, మంచినీళ్ళు తాగి వెళ్దువు గానీ. పాప పరీక్ష ఎలా రాసింది?" అంది వదిన.

"బాగా రాసింది మేడమ్. ఇంకా మూడిళ్ళు ఉన్నాయి, వస్తాను" అని మెట్లు దిగిపోయాడు. బిగించడానికి స్క్రూలు లేనప్పుడు అతనికి ఇక్కడ పనేముంది? వదిన గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కింద గేటు పడిన చప్పుడు వినపడ్డాక లోపలికి వచ్చి ఆ నీళ్ళు నాకిచ్చింది. తాగాను.

"నువ్వు కూడా బయల్దేరు, ఆలస్యమవుతుంది" అంది. "కుర్చీ ఉంచుకుంటానులే. చేతికి మంచిది. నాకూ తెలుసు." చెప్పి, కుర్చీలో సరిగ్గా కూర్చుని, వీపు ఆనించి, కాలు పెడల్ మీద పెట్టింది. ఎంత నిటారుగా కూర్చుందంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టలేదు గానీ ఆయన గొంతు ఎదురింటికి కూడా వినపడుతుంది.

"పట్టుకెళ్ళారా?"

"లేదు" అన్నాను.

"ఏం? సరిపోయిందా చివరికి?" ఆయన గొంతులో అప్పుడే నిశ్చింత మొదలవుతోంది. నాకది స్పష్టంగా వినపడింది. ఇంకో రెండు మాటలయితే ఆ నిశ్చింత పూర్తవుతుంది, గ్రూపులో బొటనవేలు బొమ్మ పడుతుంది.

వదిన వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. నా వైపు తిరగలేదు.

"సరిపోలేదు" అన్నాను. "కానీ మారిస్తే లాభం లేదు, ఇందులోనే సర్దాలి. నాకు చేతకావడం లేదు. ఆదివారం మీరు వచ్చి చూడండి. మీ తమ్ముణ్ణి కూడా రమ్మనండి."

"వాడెందుకు?"

"ఇద్దరు పట్టాలి. నేనేమైనా కుస్తీలు పడతానా? ఒక్క రోజులో అయ్యే పని కూడా కాదు, రెండు మూడు ఆదివారాలు పడుతుంది."

ఆయన గొణిగాడు. తిట్టాడు. నాలుగు కుర్చీలు మార్చిన మనిషికి ఇంకా ఏం కావాలన్నాడు. చివరికి వస్తానన్నాడు. పొద్దున్నే వచ్చేస్తే పని తొందరగా అయిపోతుంది కదా, భోజనం అక్కడే చేసేద్దాం అని కూడా అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

వదిన కుర్చీని మెల్లగా నా వైపు తిప్పింది. ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషిలా మొహం పెట్టింది.

"వాడొచ్చి ఏమయిందని అడిగితే ఏం చెప్పాలి?"

"ఒక పక్కకు ఒరుగుతోందని చెప్పండి. మీకు అలవాటే కదా."

"ఏ పక్కకు?"

"మీ ఇష్టం. ఆదివారం దాకా టైముంది, ఆలోచించుకోండి."

ఆమె నిజంగానే ఆలోచించింది. మోచేతులు ఆనించుకుని ఓసారి కుడికి చూసుకుంది, ఓసారి ఎడమకు చూసుకుంది.

"ఎడమకని చెప్దాం" అంది. "కుడికి అంటే చెయ్యి సంగతేమోనని భయపడతాడు, పిచ్చివాడు."